మేనమామ ఒడిలో తొలి కత్తెర

పుట్టుకతో వచ్చిన జుట్టును బిడ్డ తల మీంచి తొలిసారి తీయించడాన్ని తెలుగు ఇళ్లలో పుట్టు వెంట్రుకలు తీయించడం అంటారు. శాస్త్రం దీన్నే చౌలమనీ చూడాకర్మ అనీ పిలుస్తుంది. చెవులు కుట్టించడానికి శాస్త్రంలో ఉన్న పేరు కర్ణవేధ. షోడశ సంస్కారాల్లో ఈ రెండింటినీ కలిపి చెప్పడం పరిపాటి. చాలా ఇళ్లలో ఒకే రోజు, ఒకే మేనమామ ఒడిలో రెండూ జరిగిపోతాయి. శరీరానికి సంబంధించినంతవరకు మాత్రం ఇవి ఒకటి కాదు. తల గొరిగితే సాయంత్రానికల్లా పని అయిపోతుంది. చెవి కుడితే పని అప్పుడే మొదలవుతుంది, పచ్చి గాయం ఆరడానికి ఆరు వారాలు పడుతుంది. సమయం ఎంచుకునేటప్పుడు చాలామంది పట్టించుకోనిది ఈ తేడానే.

గృహ్యసూత్రాలు చౌలానికి మొదటి ఏడాది గానీ మూడో ఏడాది గానీ చెబుతాయి. తెలుగు ఆచారం దాన్ని ఇంకాస్త విడమర్చి, ఏడాది లోపైతే బేసి నెల అంటుంది. తొమ్మిదో నెల, పదకొండో నెల ఎక్కువ వాడుకలో ఉన్నాయి. కొన్ని వంశాల్లో అయిదో నెలకే తీయించేస్తారు. ఏడాది దాటిపోతే రెండో ఏడు సరి సంవత్సరమని వదిలేసి మూడో ఏటికి వెళతారు. ఇక్కడ తరచూ పొరపాటు జరిగేది లెక్కలో. తొమ్మిదో నెల అంటే నడుస్తున్న తొమ్మిదో నెల, అంటే ఎనిమిది నెలలు నిండిన దగ్గర్నుంచి తొమ్మిది నిండేదాకా. మూడో ఏడు అంటే రెండో పుట్టినరోజు మర్నాటి నుంచి మూడో పుట్టినరోజు దాకా. మూడేళ్లు నిండాక వెళ్లి మూడో ఏట తీయించామనుకునేవాళ్లు నిజానికి నాలుగో ఏట, అంటే సరి సంవత్సరంలో తీయించినట్టు.

నెల కుదిరాక పంచాంగం తీస్తారు. మంగళ, శనివారాలు సాధారణంగా వదిలేస్తారు. బిడ్డ జన్మ నక్షత్రం ఉన్న రోజూ పనికిరాదంటారు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. అధికమాసమూ అంతే. ఆ తర్వాత తారాబలం. దీని లెక్క ఎవరైనా వేళ్ల మీద వేసుకోవచ్చు. బిడ్డ నక్షత్రాన్ని ఒకటిగా పట్టుకుని ఆ రోజు నక్షత్రం దాకా లెక్కపెట్టి, తొమ్మిది దాటితే తొమ్మిదులు తీసేయాలి. అనూరాధలో పుట్టిన బిడ్డకు శతభిషం ఎనిమిదోది, మిత్ర తార, మంచిది. దానికి ముందున్న ధనిష్ఠ చౌలానికి చెప్పిన నక్షత్రాల్లో ఒకటే అయినా, ఈ బిడ్డకు అది ఏడోది, నైధన తార, పనికిరాదు. అందుకే పక్కింటి పాపకు పెట్టిన ముహూర్తం మన పాపకు కుదరకపోవచ్చు.

వీటన్నిటికంటే ఎక్కువగా రోజుల్ని మింగేసేది మూఢం. గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో కంటికి కనిపించకుండా పోయే కాలమిది. గురు మూఢం సుమారు నెల రోజులుంటుంది. శుక్రుడి విషయంలో రెండు రకాలు. శుక్రుడు సూర్యుడికీ భూమికీ మధ్యగా దాటితే పది రోజులు అటూఇటూగా తేలిపోతుంది, సూర్యుడికి అవతలి వైపు నుంచి దాటితే రెండు నెలలకు పైగా సాగుతుంది.

2025 మార్చి 20న పుట్టిన ఒక పాపను తీసుకుంటే ఇవన్నీ కలిసి ఎలా పడతాయో తెలుస్తుంది. పాపకు తొమ్మిదో నెల నవంబరు 20న మొదలై డిసెంబరు 20తో ముగుస్తుంది. ఆ సంవత్సరం శుక్ర మూఢం నవంబరు చివరి వారంలో మొదలైంది, ఫిబ్రవరి మూడో వారం దాకా వదల్లేదు. అంటే తొమ్మిదో నెలలో మిగిలింది అయిదారు రోజులు. పదకొండో నెల జనవరి 20 నుంచి ఫిబ్రవరి 20 వరకు. అందులో మూఢం పోగా మిగిలింది ఒకటి రెండు రోజులు. మేనమామ అమెరికాలో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి వస్తున్నాడనుకుంటే, ఆ రోజులు మూఢంలోనూ పుష్యమాసంలోనూ పడ్డాయి. తొమ్మిది నెలలు నిండగానే, అంటే డిసెంబరు 20 తర్వాత, తట్టు టీకా ఉంది.

ఇలాంటి చిక్కులో సంప్రదాయంలోనే మూడు దార్లున్నాయి. మొదటిది క్షేత్రం. తిరుమలలోనో ఇలవేల్పు సన్నిధిలోనో మొక్కు తీర్చుకుంటే ముహూర్తంతో పనిలేదని చాలా కుటుంబాల నమ్మకం. అయితే మూఢంలో అక్కడా వద్దనే పురోహితులూ ఉన్నారు కాబట్టి ఇంటి పురోహితుణ్ణి ముందే అడగాలి. రెండోది, నెలల లెక్క విడిచి ఏడాది లెక్క పట్టుకోవడం. మూఢం పోయాక, పుట్టినరోజు లోపు వచ్చే ఫాల్గుణ శుద్ధంలో ఏ రోజు కుదిరినా మొదటి ఏడే అవుతుంది. మూడోది మూడో ఏడు. ఈ పాప విషయంలో రెండో దారి తేలిక. తట్టు టీకా వేసి రెండు నెలలు గడిచి ఉంటాయి, చలి తగ్గి ఉంటుంది, ఎండలు ఇంకా ముదిరి ఉండవు. మేనమామ లేడన్న లోటుకు ఆచారంలోనే జవాబుంది. వరుసకు మేనమామ అయ్యే తల్లి పిన్ని కొడుకో పెదనాన్న కొడుకో ఒడి పడితే చాలు. అసలు మేనమామ బట్టలూ వెండి గిన్నే పంపి ఫోన్‌లో చూస్తాడు.

పెద్దలు ఇంకో నియమం చెబుతారు. తల్లి మళ్లీ గర్భవతై అయిదో నెల దాటితే పెద్దబిడ్డకు చౌలం చేయరు. ఇంట్లో మైల ఉన్నా చేయరు. దగ్గరివాళ్లు పోతే ఏడాది ఆపే ఇళ్లూ ఉన్నాయి. మూడో ఏటికి వాయిదా వేసుకునేవాళ్లు ఈ గర్భం సంగతి లెక్కలోకి తీసుకోవడం మంచిది. చాలామంది రెండో కాన్పు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది.

పంచాంగం పక్కనే టీకాల కార్డూ పెట్టుకోవాలి. ఆరు, పది, పద్నాలుగు వారాల్లో వేసే పెంటావాలెంట్ టీకాలో ధనుర్వాతానికీ హెపటైటిస్-బికీ రక్షణ ఉంది. ఆ మూడు డోసులూ పూర్తికాకుండా బిడ్డ చెవికి సూది గానీ తలకు బ్లేడు గానీ తగలనివ్వకపోవడం క్షేమం. అవి సకాలంలో పడి ఉంటే చెవులు కుట్టించిన రోజు విడిగా టీటీ ఇంజక్షన్ అక్కర్లేదు. చాలామంది అడిగి మరీ వేయిస్తారు గానీ అది అదనపు పోటు తప్ప మరేమీ కాదు. తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకాకు ఒక లక్షణం ఉంది. దాని జ్వరం అదే రోజు రాకుండా వారం, పది రోజులకు వచ్చే అవకాశముంది. టీకా వేయించిన మరుసటి వారానికి వేడుక పెట్టుకుంటే బిడ్డ వేడెక్కి ఉన్నప్పుడే బ్లేడు పట్టాల్సివస్తుంది, వచ్చిన జ్వరం టీకాదో పుండుదో కూడా తేలదు. రెండు వారాలు ఎడం ఉంచితే ఈ గొడవ ఉండదు. వేడుక నాటికి జలుబు, విరేచనాలు, తల మీద చీముపొక్కులు ఉంటే ఆ ముహూర్తం వదులుకోవాల్సిందే.

వేడుక రోజు మేనమామ పీట మీద తూర్పు ముఖంగా కూర్చుని బిడ్డను ఒడిలో పెట్టుకుంటాడు. వినాయకుడి పూజ అయ్యాక అతనే మొదటి కత్తెర వేస్తాడు. మూడు చోట్ల మూడు కుచ్చులు. రాలిన జుట్టు నేల మీద పడకుండా మేనత్త కొత్తగుడ్డలోనో పళ్లెంలోనో పడుతుంది. ఆ తర్వాతే క్షురకుడి పని. ఇక్కడ ఇంటింటికీ పద్ధతి మారుతుంది. కొందరు పిలక ఉంచుతారు, ఎక్కువమంది నున్నగా గుండు చేయిస్తారు. ఆడపిల్లలకు గుండు చేయించని ఇళ్లలో మూడు కత్తెరలతోనే సరిపెడతారు. జుట్టును పేడముద్దలో పెట్టి పారే నీళ్లలోనో పచ్చని చెట్టు మొదట్లోనో వేయడం పాత పద్ధతి. తిరుమలలో, వేములవాడలో, యాదగిరిగుట్టలో, అన్నవరంలో మొక్కు చెల్లించేవాళ్ల జుట్టు దేవుడిదే, ఇంటికి తెచ్చుకునేది ఉండదు. పాప ఆడపిల్లైతే ఏ పక్షం ఆచారం పాటించాలన్నది కొన్ని ఇళ్లలో పెద్ద చర్చే. సాధారణంగా తండ్రి వంశపు ఇలవేల్పు దగ్గరే తొలి వెంట్రుకలు. తల్లివైపు మొక్కు ఉంటే ఆరేడు నెలలకు మళ్లీ పెరిగిన జుట్టుతో అది చెల్లుతుంది.

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలకు రుసుము లేదు. టోకెన్‌తో పాటు బ్లేడు కూడా దేవస్థానమే ఇస్తుంది. మహిళా క్షురకులూ ఉంటారు. పసిబిడ్డ వాళ్ల చేతుల్లో ఎక్కువ సేపు కుదురుగా ఉంటుందని చాలామంది తల్లులు అటే వెళతారు. కొత్త బ్లేడును కళ్లెదుటే పొట్లం విప్పించి, కత్తికి తొడిగించుకోవాలి. బ్లేడు కొత్తదైనా దాన్ని పట్టుకునే కత్తి పాతదే కాబట్టి, తొడిగేముందు దాన్ని కూడా స్పిరిట్‌తోనో డెట్టాల్ నీళ్లతోనో తుడవమని అడగవచ్చు. ఈ జాగ్రత్త చాదస్తం కాదు. కంటికి కనిపించనంత చిన్న గాటు చాలు, హెపటైటిస్-బి, సి లాంటివి ఒకరి రక్తం నుంచి ఇంకొకరికి అంటడానికి.

తెగడానికి అసలు కారణం చాలాసార్లు పొడి జుట్టు. హడావుడిలో నెత్తిన రెండు దోసిళ్లు చల్లి మొదలుపెడతారు. గోరువెచ్చని నీళ్లతో అయిదు నిమిషాలు తడిపి, వేళ్లతో కుదుళ్ల దాకా నానబెడితే బ్లేడు జారుతుంది, లాగదు. తల మీద పసుపుపచ్చని చెక్కు కట్టిన పొర ఉంటే ముందు రోజు రాత్రే కొబ్బరినూనె పట్టించి పొద్దున మెత్తని గుడ్డతో తీసేయాలి. ఆ పొర మీద బ్లేడు తగిలితే గీరుకుంటుంది. నడినెత్తిన మెత్తగా, నాడితో పాటు కదులుతున్నట్టు కనిపించే మాడు చాలామంది పిల్లల్లో ఏడాది, ఏడాదిన్నర మధ్య పూడుతుంది. దాన్ని చూసి భయపడి కుటుంబాలు మూడో ఏటికి వెళతాయి. నిజానికి మాడు మీద గట్టి పొర ఉంటుంది. బరువు పెట్టకుండా గొరిగితే ప్రమాదం లేదు. ప్రమాదమల్లా బిడ్డ ఉలిక్కిపడినప్పుడు కత్తి తల మీదే ఉండటంలో ఉంది. ఒకరు బిడ్డ చేతుల్ని గుడ్డతో కలిపి ఒంటికి హత్తుకుని పట్టుకోవాలి, మరొకరు రెండు అరచేతులతో దవడల దగ్గర తలను నిలపాలి. మొహం ముందు గిలక ఆడించే పిన్ని దూరంగా నిలబడటం నయం. గిలక వైపు బిడ్డ టక్కున తిరిగేది ఆ క్షణంలోనే.

పాలు తాగి, నిద్రపోయి లేచిన బిడ్డ పది నిమిషాలు ఓర్చుకుంటుంది. ఆకలి మీదున్న బిడ్డ రెండు నిమిషాలు కూడా ఓర్చుకోదు. కొందరు పిల్లలు గుక్కపట్టి ఏడ్చి, ఊపిరి తిప్పుకోకుండా నీలంగా మారి వాలిపోతారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు ఇది తరచుగా కనిపించేదే. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెడితే నిమిషం లోపు తనంతట తానే ఊపిరి తీసుకుంటుంది. నీళ్లు కొట్టడం, కుదపడం, నోట్లో ఏదైనా పోయడం చేయకూడదు. నిమిషం దాటినా తేరుకోకపోయినా, కాళ్లూ చేతులూ కొట్టుకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గాటు పడితే శుభ్రమైన గుడ్డతో కదపకుండా అయిదు నిమిషాలు నొక్కి పట్టాలి. చూడటానికి మాటిమాటికీ తీస్తే రక్తం ఆగదు. గాటు మీద పసుపు, పటిక, విభూతి వద్దు. గుండుకు గంధం రాయడం చల్లదనానికి బాగానే ఉంటుంది, కాకపోతే గాట్లు తప్పించి రాయాలి. సెంటు వాసన కొట్టే పొట్లాల పొడి కంటే సాన మీద అరగదీసిన గంధం మేలు. రెండు మూడు రోజుల్లో వెంట్రుక మొదళ్ల దగ్గర చిన్న చీముగింజలు వస్తే డాక్టరుకు చూపించాలి. కొండ మీద చలికి బట్ట టోపీ, కింద ఎండకూ అదే టోపీ. జుట్టు కాపు కాసిన చర్మానికి ఎండ కొత్త, తొందరగా కమిలిపోతుంది.

గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది ఇంటింటా వినే మాట. గుండు తర్వాత మొలిచే జుట్టు గరుకుగా, నల్లగా అనిపించడం నిజమే. అసలు వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, బ్లేడు కోసిన కొస మొద్దుగా ఉంటుంది, చేతికి తగిలేది ఆ మొద్దు కొస. వెంట్రుకలు పుట్టే కుదుళ్లు చర్మం లోపల ఉంటాయి. వాటి సంఖ్యను బ్లేడు పెంచలేదు, తగ్గించలేదు.

చెవులు అదే రోజు కుట్టించాలనుకుంటే ముందు గుండు, తర్వాత స్నానం, ఆ తర్వాతే చెవులు. ఈ వరుస తిరగబడితే కుట్టిన పచ్చి రంధ్రంలోకి జుట్టు ముక్కలూ సబ్బు నీళ్లూ చేరతాయి. అయితే రెండింటినీ విడదీయడానికి ఒక మంచి కారణముంది. ఏడాది దాటిన బిడ్డకు చేతులు బాగా ఆడతాయి, చెవిని వదలదు. ఆరు, ఏడు నెలల బిడ్డకు చెవులు కుట్టించి, గుండు తర్వాత చేయించుకునే కుటుంబాలు ఈ తలనొప్పి తప్పించుకుంటాయి. పాత వైద్యమూ ఈ మాటే అంది. కర్ణవేధకు సుశ్రుత సంహిత చెప్పిన వయసు ఆరో నెల లేదా ఏడో నెల. మగపిల్లవాడికి ముందు కుడి చెవి, ఆడపిల్లకు ముందు ఎడమ చెవి అన్న ఆచారమూ అందులో ఉంది. బిడ్డను ఒడిలో కూర్చోబెట్టి ఆటబొమ్మలతో మరిపించి, తమ్మెను ఎండకు పట్టి, వెలుతురు దూరే పల్చని చోట కుట్టమంటుంది. రక్తం ఎక్కువ కారినా నొప్పి ఎక్కువైనా చోటు తప్పినట్టే అనుకోమంటుంది. ఇప్పటి డాక్టర్లు తమ్మె వెనక చిన్న టార్చి వెలిగించి నరాలు తప్పించి చుక్క పెట్టుకుంటారు. పని అదే, దీపం మారింది.

చుక్క పెట్టడమే ఈ పనిలో సగం. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా కంటి ఎత్తులో నిలబడి, రెండు చెవులకూ పెన్నుతో చుక్క పెట్టి, తల్లికి చూపించాకే కుట్టాలి. బిడ్డ పడుకుని ఉండగా పెట్టిన చుక్కలు లేచాక ఎగుడుదిగుడవుతాయి. రంధ్రం తమ్మె నడిమధ్యన పడాలి. అంచుకు దగ్గరైతే పెద్దయ్యాక బుట్టల బరువుకు సాగి తెగుతుంది. పైకి పోయి మృదులాస్థి తగిలితే చీము పట్టినప్పుడు చెవి ఆకారమే ముడుచుకుపోయే ప్రమాదముంది. పసిబిడ్డకు తమ్మె తప్ప ఇంకెక్కడా కుట్టించకూడదు.

ఎవరితో కుట్టించాలన్నది తర్వాతి ప్రశ్న. ఊళ్లో కంసాలి, తెలంగాణలో ఔసులాయన, మొన పదును పెట్టిన సన్నని బంగారు తీగతో ఒకే ఊపున కుట్టి అక్కడే చుట్టేస్తాడు. చేయి తిరిగినవాడైతే ఇది మంచి పద్ధతే. తీగ సన్నం, మొన పదును, వెనక బిగుసుకునేదేమీ ఉండదు. లోపమంతా శుభ్రతలో ఉంది. తీగను ముందే కొని, తెలిసిన క్లినిక్‌లో ఆటోక్లేవ్ చేయించి, మూసిన కవరులోనే అతనికి ఇస్తే అదీ తీరుతుంది. అతను సబ్బుతో చేతులు కడుక్కుని తొడుగులు వేసుకోవాలి, తమ్మెను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. నగల దుకాణాల్లో వాడే గన్ చూడటానికి ఆధునికంగా ఉంటుంది గానీ, దాని ప్లాస్టిక్ ఒంటిని ఆటోక్లేవ్‌లో పెట్టలేరు. మొద్దు మొనను స్ప్రింగు బలంతో దూర్చుతుంది, వెనక శీలను చర్మానికి అదిమి బిగిస్తుంది. పసిబిడ్డ తమ్మె పల్చన కాబట్టి వాపు వచ్చినప్పుడు శీల లోపలికి కూరుకుపోతుంది. డాక్టరు స్టెరైల్ సూదితో కుట్టడం అన్నిటికంటే నిశ్చింత. నొప్పి తగ్గించే పూత మందు అడగవచ్చు, కానీ పసివాళ్లకు దాని మోతాదు మించితే రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. డాక్టరు చెప్పకుండా ఇంట్లో పూయకూడదు. వంశంలో రక్తం గడ్డకట్టని జబ్బు గానీ, గాయం మానాక మచ్చ ఉబ్బి పెరిగే గుణం గానీ ఉంటే ముందే చెప్పాలి.

తొడిగేది బంగారమే కావాలని పెద్దలు పట్టుబట్టడంలో అర్థముంది. చవక లోహాల్లో ఉండే నికెల్ చాలామందికి దురద, రసి తెప్పిస్తుంది. 22 క్యారెట్ల తీగ ఆ బాధ పెట్టదు. గుండ్రని సన్న పోగు పసిబిడ్డకు సరైనది. వేలాడే లోలాకులు చేతికి చిక్కుతాయి. శీల ఉన్న కమ్మలైతే అది ఊడి నోట్లోకి పోతుంది.

ఆ తర్వాత ఆరు వారాలూ పని చాలా తక్కువ. కాచి చల్లార్చిన ఒక గ్లాసు నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపి, దూదితో రోజుకు రెండుసార్లు రంధ్రానికి ముందూ వెనకా తుడిచి, తడి ఆరనివ్వాలి. అంటుకుపోకుండా పోగును రోజూ తిప్పాలని అమ్మమ్మలు అంటారు. తిప్పినప్పుడల్లా లోపల కట్టిన లేత చర్మం చిరుగుతుంది, గట్టిపడిన రసి లోపలికి పోతుంది. తిప్పకపోయినా పోగు అంటుకుపోదు. పసుపూ నూనే కలిపిన ముద్ద రంధ్రాన్ని మూసి రసిని లోపలే నిలబెడుతుంది. మొదటి రెండు మూడు రోజులు కాస్త ఎరుపు, పల్చని తెల్లని రసి మామూలే. అయిదో రోజుకు ఎరుపు తగ్గకుండా చుట్టూ పాకినా, తాకితే వేడిగా ఉన్నా, పచ్చని చీము వచ్చినా, బిడ్డ ఆ పక్కకు పడుకోనంటున్నా డాక్టరుకు చూపించాలి. జ్వరం కూడా తోడైతే అదే రోజు వెళ్లాలి. అప్పుడు చాలామంది చేసే తప్పు పోగు లాగేయడం. తీసేస్తే పైన చర్మం మూసుకుని చీము లోపలే చిక్కుకుంటుంది. ఉంచాలో తీయాలో డాక్టరు చూసి చెబుతాడు. ముందు నుంచి రాయి గానీ వెనక నుంచి శీల గానీ కనిపించకపోతే మాత్రం అది చర్మంలోకి కూరుకుపోయిందన్నమాట. దాన్ని ఇంట్లో వెనక్కి నెట్టి తీయబోకూడదు, తమ్మెకు మత్తు ఇచ్చి డాక్టరే తీయాలి.

ఆరు వారాలకు పైచర్మం మానినా లోపలి దారి గట్టిపడటానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. కొత్త కమ్మలు మార్చాలని పోగు తీసి రెండు రోజులు ఖాళీగా ఉంచితే రంధ్రం పూడిపోతుంది. తీసిన చేత్తోనే రెండోది పెట్టేయాలి.